రాయితీ దేనిమీదో చెప్పని ఈమెయిల్

"మీ దరఖాస్తు పరిశీలించి 25 శాతం ఫీజు రాయితీ మంజూరు చేయడమైనది. సవరించిన వాయిదాల ప్రకారం చెల్లించగలరు." స్కూలు ఆఫీసు నుంచి ఇలా ఈమెయిల్ వస్తే తండ్రి ఏం లెక్క వేసుకుంటాడు? మొత్తం ఫీజు 48,000. అందులో పాతిక శాతం 12,000 తగ్గిందనుకుంటాడు. ఆఫీసు లెక్క వేరు: రాయితీ ట్యూషన్ ఫీజు 40,000 మీదే, బస్సు ఫీజు 8,000 మీద లేదు. తగ్గేది 10,000. ఆ 2,000 తేడా చివరి వాయిదా రోజున కౌంటర్ దగ్గర గొడవవుతుంది.

అదే విషయం ఇలా రాయొచ్చు: "మీ అబ్బాయి ట్యూషన్ ఫీజులో 10,000 రూపాయలు తగ్గించాం. బస్సు ఫీజు మారలేదు. ఈ ఏడాది కట్టాల్సింది 38,000. మీరు జూన్‌లో కట్టిన 14,000 పోగా మిగిలింది 24,000. సెప్టెంబరు 10, నవంబరు 10, జనవరి 10 లోపు 8,000 చొప్పున కట్టండి. పాత వాయిదాలు రద్దయ్యాయి."

ఆ చివరి వాక్యం తప్పకుండా ఉండాలి. పంపేముందు ఫీజు సాఫ్ట్‌వేర్‌లోనూ మొత్తం మార్చాలి. లేకపోతే పాత బాకీతో ఎస్సెమ్మెస్ వెళ్తుంది, రాయితీ రద్దయిందేమోనని ఆ ఇంట్లో కంగారు పడతారు.