చేతిలో రసీదు ఉన్నా లెక్కలో లేని రిటర్ను
ధ్రువీకరణ మరచిన పన్ను చెల్లింపుదారులకు మన్నింపు మార్గం

టికియాపారా (హౌరా): హౌరా నుంచి ఆగ్నేయ రైల్వే మార్గంలో బయలుదేరితే వచ్చే మొదటి స్టేషన్ టికియాపారా. లోకల్ రైళ్ల మరమ్మతులు జరిగే కార్‌షెడ్డు ఇక్కడే ఉంది. ఉత్తరాంధ్ర నుంచి ఖరగ్‌పూర్ మీదుగా హౌరా వరకు సాగే ఈ రైలు మార్గాన్ని నమ్ముకుని తెలుగువారు తరతరాలుగా వంగదేశానికి ఉద్యోగాలకు వస్తూనే ఉన్నారు. పదవీ విరమణ తరువాత వీరిలో పలువురికి పింఛను, దానితోపాటు బ్యాంకులో వేసుకున్న డిపాజిట్లపై వచ్చే వడ్డీయే ఆధారం. ఆ వడ్డీ నుంచి బ్యాంకు ముందుగానే కోసుకున్న పన్నును తిరిగి రాబట్టుకోవాలంటే ఆదాయపు పన్ను రిటర్ను దాఖలు చేయక తప్పదు. దాఖలు చేశామని నిశ్చింతగా ఉన్నవారికి ఒకనాడు తెలిసే చేదు వార్త ఏమిటంటే, ఆ రిటర్ను చెల్లదని!

ఒక ఉదాహరణ తీసుకుందాం. కార్‌షెడ్డులో పనిచేసి రిటైరైన, అరవై ఏళ్లు దాటిన ఒక ఉద్యోగికి 2023-24 ఆర్థిక సంవత్సరంలో పింఛను రూ. 3,60,000, డిపాజిట్లపై వడ్డీ రూ. 1,80,000 వచ్చాయనుకుందాం. వడ్డీలో పదో వంతు, అంటే రూ. 18,000, బ్యాంకు పన్ను కింద మినహాయించుకుంది. కొత్త పన్ను విధానంలో రూ. 50,000 ప్రామాణిక తగ్గింపు పోగా నికరాదాయం రూ. 4,90,000. రిబేటు వర్తించినందున కట్టవలసిన పన్ను శూన్యం. కాబట్టి రూ. 18,000 మొత్తమూ ఆయనకు తిరిగి రావాలి. (బ్యాంకుకు ఏడాది ఆరంభంలోనే 15హెచ్ ఫారం ఇచ్చి ఉంటే ఈ కోతే ఉండేది కాదు. కానీ ఆ ఫారం ఇవ్వడం మరచేవారు మనలో తక్కువేమీ కాదు.)

ఆయన వీధి చివర కంప్యూటర్ కేంద్రానికి వెళ్లి 2024 జూలై 20న రిటర్ను పంపించారు. చేతికి ఒక కాగితం వచ్చింది. దానిపై పదిహేను అంకెల రసీదు సంఖ్య కూడా ఉంది. పని అయిపోయిందనుకున్నారు. నిజానికి సగమే అయింది. రిటర్ను పంపడం ఒక పని, అది తానే పంపానని ధ్రువీకరించడం మరొక పని. రెండవది ఆధార్‌కు జోడించిన ఫోన్‌కు వచ్చే ఓటీపీతోనో, నెట్ బ్యాంకింగ్‌తోనో, ముందుగా సరిచూసుకున్న బ్యాంకు ఖాతా ద్వారా వచ్చే సంకేత సంఖ్యతోనో పూర్తి కావాలి. అలా కాకపోతే, ముద్రించిన ధ్రువీకరణ ఫారంపై సంతకం చేసి బెంగళూరులోని కేంద్రీకృత ప్రాసెసింగ్ కేంద్రానికి తపాలా ద్వారా పంపాలి.

ఆయన ఆధార్‌కు ఉన్నది పాత నంబరు. ఓటీపీ రాలేదు. కేంద్రం కుర్రవాడు ‘తరువాత చేద్దాం’ అని ముగించాడు. పైగా పన్ను శాఖ ఖాతాలో ఆ కుర్రవాడి సొంత ఫోను నంబరే నమోదై ఉంది. ధ్రువీకరణ చేయమని శాఖ పంపిన హెచ్చరికలు ఆయనకు చేరే దారి లేకపోయింది.

పట్టుకోవడానికి తేలికైన గుర్తు ఆ కాగితంలోనే ఉంది. ధ్రువీకరణ కాని కాగితం నెత్తిన ‘ఐటీఆర్-వి’ అనీ, అది ధ్రువీకరణ ఫారం అనీ ఉంటుంది. ధ్రువీకరణ పూర్తయిన తరువాత దిగేది అసలు రసీదు. పోర్టల్‌లో View Filed Returns తెరచినా e-Verification ఇంకా పెండింగులో ఉందో, పూర్తయిందో కనిపిస్తుంది.

గడువు విషయానికి వస్తే, 2022 ఆగస్టు 1కి ముందు 120 రోజులు ఉండేది. ఆనాటి నుంచి 30 రోజులకు తగ్గించారు. రిటర్నుల ఆఖరు తేదీ ఆ ముప్పై రోజుల తరువాత వస్తే ఆ తేదీ వరకు వ్యవధి ఉంటుంది. మన ఉదాహరణలో ఆఖరు తేదీ జూలై 31. పంపిన నాటి నుంచి 30 రోజులు ఆగస్టు 19తో ముగుస్తాయి. ఆనాటితో రిటర్ను చెల్లనిదైంది. చట్టం దృష్టిలో ఆయన రిటర్నే వేయలేదు! తపాలా మార్గం ఎంచుకున్నవారు మరో సంగతి గమనించాలి. 2024 నాటి నోటిఫికేషన్ ప్రకారం లెక్కకు వచ్చేది ఫారం బెంగళూరు చేరిన రోజేగాని ఇక్కడ తపాలాలో వేసిన రోజు కాదు.

ఆ డిసెంబరులోగా తెలిసి ఉంటే చిక్కు చిన్నదే. ఆలస్య రుసుముతో మరో రిటర్ను వేయవచ్చు. ఐదు లక్షల రూపాయల లోపు ఆదాయం గనుక రుసుము వెయ్యి రూపాయలు మాత్రమే. కానీ ఆయనకు తెలిసింది 2025 ఫిబ్రవరిలో. ఆలస్యపు రిటర్నుకు ఆ ఏడాది పొడిగించిన గడువు కూడా జనవరి 15తో దాటిపోయింది. ‘అప్‌డేటెడ్ రిటర్ను’ అనే మరో వెసులుబాటు ఉన్నా, రిఫండు అడిగేవారికి అది పనికిరాదు. కనుక మిగిలిన దారి జాప్యాన్ని మన్నించమని అడగడమే.

పోర్టల్‌లో ప్రవేశించి Services కింద Condonation Request ఎంచుకోవాలి. అక్కడ ఒకటి కంటే ఎక్కువ ఎంపికలు కనబడతాయి, పొరపాటు జరిగేది ఇక్కడే. మన ఉదాహరణకు తగినది Delay in submission of ITR-V. కాలం చెల్లిన తరువాత కొత్తగా రిటర్ను వేయడానికి అనుమతి కోరే ఎంపిక వేరు. సరైనది తెరచి, ధ్రువీకరణ కాని రిటర్నును ఎంచుకుని, ఆలస్యానికి కారణం తెలిపి సమర్పిస్తే ఒక లావాదేవీ సంఖ్య వస్తుంది. ఇక్కడితో ఆగిపోరాదు. అభ్యర్థన ఇచ్చిన వెంటనే ధ్రువీకరణ కూడా పూర్తి చేయాలి. అప్పటికీ అధికారి ఆమోదించేవరకు రిటర్ను ధ్రువీకరించినట్లు లెక్క కాదు.

కారణం రాసే తీరు ముఖ్యం. ‘అనివార్య కారణాలవల్ల’ అనే మాట అధికారికి ఏమీ చెప్పదు. ‘రిటర్ను 2024 జూలై 20న పంపాను. ఆధార్‌కు జోడించిన ఫోను నంబరు వాడుకలో లేదు. ఖాతాలో నాది కాని నంబరు ఉన్నందున హెచ్చరికలు అందలేదు. ఫిబ్రవరిలో తెలిసిన వెంటనే నంబర్లు సరిచేయించుకున్నాను’ అని తేదీలతో, ఉన్నదున్నట్లు రాస్తే చాలు. మార్పు చేయించుకున్న ఆధార్ రసీదు దాచుకోవాలి. ముందుగా నంబరు సరిచేయించుకోకుండా అభ్యర్థన పెడితే మళ్లీ ఓటీపీ దగ్గరే ఆగుతారు.

మన్నింపు లభించినంత మాత్రాన జాప్యమే లేనట్లు కాదు. గడువు దాటి ధ్రువీకరిస్తే, ఆ ధ్రువీకరణ తేదీనే రిటర్ను వేసిన తేదీగా పరిగణించాలని నోటిఫికేషన్ చెబుతోంది. అందువల్ల ఆలస్య రుసుము పడవచ్చు. వ్యాపార నష్టాలను మరుసటి ఏటికి మళ్లించుకోదలచినవారికి ఇది వెయ్యి రూపాయలతో పోయే సంగతి కాదు.

అభ్యర్థన తిరస్కరణకు గురైతే, ఆ సంవత్సరానికి వర్తించే 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోని 119(2)(బి) సెక్షన్ కింద కమిషనర్‌కు దరఖాస్తు పెట్టుకునే వీలుంది. 2024 అక్టోబరు 1 నాటి సర్క్యులర్ ప్రకారం కోటి రూపాయల వరకు రిఫండు కోరే దరఖాస్తులపై నిర్ణయాధికారం ప్రిన్సిపల్ కమిషనర్ లేదా కమిషనర్‌దే. అసెస్‌మెంట్ సంవత్సరం ముగిశాక ఐదేళ్లలోపు అడగాలి. మన ఉదాహరణకు ఆ గడువు 2030 మార్చి 31. రిఫండు ఇవ్వకపోతే నిజమైన ఇబ్బంది కలుగుతుందని చూపాలి. అలా ఇచ్చే రిఫండుపై వడ్డీ మాత్రం రాదు.

దరఖాస్తు ఎక్కడ ఇవ్వాలన్నది నివాసాన్ని చూసి ఊహించుకోరాదు. పాన్ కార్డు ఉద్యోగంలో చేరకముందు విశాఖ చిరునామాతో తీసుకుని, తరువాత మార్చుకోనివారి ఫైలు ఇప్పటికీ అక్కడి అధికారి వద్దే ఉండవచ్చు. చౌరంగీ స్క్వేర్‌లోని ఆయకర్ భవన్ మెట్లెక్కే ముందు, పోర్టల్‌లో పాన్ సంఖ్యతో తన పరిధి అధికారి ఎవరో చూసుకుంటే ఒక రోజు కలిసివస్తుంది.

పాత సంవత్సరాల రిటర్నులకు 2020 జూలైలోనూ, 2021 డిసెంబరులోనూ కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు ఒక్కసారికని చెప్పి ధ్రువీకరణ గడువును సడలించింది. 2022 ఫిబ్రవరి 28తో ఆ రెండవ అవకాశమూ ముగిసింది.