కామెంట్లు ఆపిందెవరు? ఛానెలా, యూట్యూబా?

యూట్యూబ్ వీడియో కింద అభిప్రాయం రాద్దామని చూస్తే ‘Comments are turned off’ అన్న ఒక్క వాక్యమే కనిపిస్తుంది. ప్రభుత్వ శాఖ వీడియో అయితే ‘విమర్శలకు భయపడి మూసేశారు’ అనుకుంటాం. పాటల వీడియో అయితే యూట్యూబ్‌నే తిట్టుకుంటాం. ఛానెల్ వాళ్లు ఆపినా, యూట్యూబ్ ఆపినా వచ్చే వాక్యం ఒకటే. అందుకే దాన్ని వదిలేసి చుట్టూ ఉన్న గుర్తులు చూడాలి.

అంతకంటే ముందు మీ ఫోన్ సంగతి. ‘Restricted Mode has hidden comments for this video’ అని ఉంటే ఆపింది ఛానెలూ కాదు, యూట్యూబూ కాదు. మీ యాప్‌లో రిస్ట్రిక్టెడ్ మోడ్ ఆన్‌లో ఉందన్నమాట. సెట్టింగ్స్‌లోకి వెళ్లి General కింద చూడండి. ఆఫీసు, కాలేజీ వైఫైలలో నెట్‌వర్క్ వాళ్లే దీన్ని పెట్టేస్తుంటారు. మొబైల్ డేటాకు మారి చూస్తే తేలిపోతుంది.

‘Comments are paused’ అని కనిపిస్తూ పాత కామెంట్లు అలాగే ఉంటే, అది ఛానెల్ నిర్వాహకుల పనే. కొత్తవి రాకుండా ఆపి, ఉన్నవాటిని ఉంచే సదుపాయం వాళ్లకు ఉంది.

ఎక్కువ తికమక పిల్లల వీడియోల దగ్గరే. పిల్లల వివరాలు సేకరించారన్న కేసులో 2019 సెప్టెంబరులో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో గూగుల్, యూట్యూబ్ 17 కోట్ల డాలర్లకు రాజీ కుదుర్చుకున్నాయి. ఆ తర్వాత 2020 జనవరి నుంచి ‘పిల్లల కోసం’ అని గుర్తించిన ప్రతి వీడియోకీ కామెంట్లు వాటంతట అవే ఆగిపోతున్నాయి. ప్రపంచమంతా ఇదే నియమం, మన తెలుగు బాలగేయాలకూ అంతే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఓ పాఠశాల తన ఛానెల్‌లో వార్షికోత్సవ నృత్యాల వీడియో పెట్టింది. తల్లిదండ్రులు ‘బాగుంది’ అని రాద్దామంటే కామెంట్లు లేవు. అదే ఛానెల్‌లో అడ్మిషన్ల వీడియో తెరిస్తే కామెంట్లు మామూలుగా ఉన్నాయి. అంటే ఛానెల్ మొత్తానికి ఆపలేదు, తేడా ఆ ఒక్క వీడియోలోనే ఉంది. మళ్లీ నృత్యాల వీడియోకొచ్చి కామెంట్ల చోటు చూస్తే, యూట్యూబ్ కిడ్స్ యాప్ వాడమని సూచించే పట్టీ ఉంది. నోటిఫికేషన్ గంట పనిచేయడం లేదు. వీడియోను మినీప్లేయర్‌లోకి కుదిద్దామంటే కుదరదు. ఇవన్నీ కలిసి కనిపిస్తే ఆ వీడియోపై ‘పిల్లల కోసం’ ముద్ర పడినట్టే.

ఆ ముద్ర వేసిందెవరు? ఇది బయటి నుంచి చూసేవారికి తెలియదు. ఛానెల్ యజమాని మాత్రం యూట్యూబ్ స్టూడియోలో వీడియో వివరాల్లోని Audience దగ్గర చూడొచ్చు. యూట్యూబ్ వేసి ఉంటే ఆ మాట అక్కడే రాసి ఉంటుంది, మార్చాలంటే అప్పీలు చేసుకోవాలి. కానీ చాలాసార్లు జరిగేది ఇంకోటి. అప్‌లోడ్ చేసేటప్పుడు ‘Yes, it's made for kids’ అన్నదాన్ని ‘వీడియోలో పిల్లలున్నారు కదా’ అని నొక్కేస్తారు. అక్కడ అడిగేది పిల్లలు ఉన్నారా అని కాదు, పిల్లలు చూడటానికి తీసిందా అని. తల్లిదండ్రుల కోసం పెట్టిన వార్షికోత్సవ వీడియోకు ఆ జవాబు సరిపోదు.

ఇక్కడో మెలిక ఉంది. గంట పనిచేస్తోంది, కిడ్స్ పట్టీ లేదు, అయినా పిల్లలున్న వీడియోకు కామెంట్లు లేవనుకోండి. మైనర్ల వీడియోల కింద అసభ్య వ్యాఖ్యల గొడవ తర్వాత 2019 ఫిబ్రవరిలో యూట్యూబ్ అలాంటి కోట్లాది వీడియోలకు కామెంట్లు ఆపేసింది. ఆ పని దానిదీ కావచ్చు, బడి యాజమాన్యానిదీ కావచ్చు. బయటి నుంచి తేల్చలేం.

వీడియోలో పిల్లలే లేరు, గంట పనిచేస్తోంది, లైకులు నొక్కగలుగుతున్నారు, కామెంట్లు మాత్రం లేవు. అదే ఛానెల్‌లో ఇంకో నాలుగైదు వీడియోలు తెరవండి. అన్నింటికీ లేకపోతే దాదాపుగా అది నిర్వాహకుల నిర్ణయమే. ప్రభుత్వ శాఖల ఛానెళ్లలో ఇలా కనిపిస్తే ప్రశ్నలకు భయమనే అనుకోనక్కర్లేదు, కామెంట్లు చూసే సిబ్బంది లేకపోవడమూ కారణం కావచ్చు.

అయితే సబ్సిడీ రుణం ఇప్పిస్తామని, ముందుగా ఫీజు కట్టమని చెప్పే ఛానెల్‌లో ప్రతి వీడియోకూ కామెంట్లు మూసి ఉంటే మాత్రం ఆగి ఆలోచించాలి. ఇంతకుముందు మోసపోయినవాళ్లు హెచ్చరించే చోటు అదే. డబ్బు కట్టకుండా ఆ పథకాన్ని సంబంధిత శాఖ వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి. ఇప్పటికే కట్టేసి ఉంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.