స్మృతిగీత రచనలో సంబోధన: తరగతి అభ్యాసం దృష్ట్యా ఒక పరిశీలన

స్మృతిగీతం రాయమన్నప్పుడు విద్యార్థులు సాధారణంగా మరణించినవారి సుగుణాలను వరుసగా పేర్కొని, చివర ఒక ఓదార్పు వాక్యంతో ముగిస్తారు. అది కవిత్వం కన్నా సంతాప తీర్మానానికి దగ్గరగా ఉంటుంది. లోపం సాధారణంగా భాషలో ఉండదు. కవితలో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో నిర్ణయించుకోకపోవడంలో ఉంటుంది.

శ్రీశ్రీ 'మహాప్రస్థానం' (1950) సంపుటిని కొంపెల్ల జనార్దనరావుకు అంకితమిస్తూ రాసిన గీతం ఇందుకు మంచి పాఠ్యం. అందులో మృతుడు ఆద్యంతం 'నువ్వు'. కొద్దిమంది మిత్రులు తప్ప లోకం ఆ మరణాన్ని పట్టించుకోలేదన్న ఆవేదనను కవి అతడికే చెబుతాడు. తుదకు 'నేను' అన్న స్వరం 'మేము'గా మారి, మిత్రుణ్ణి ఆవాహన చేస్తుంది. భావం మలుపు తిరిగినట్టు పాఠకుడికి తెలిసేది ఈ సర్వనామ పరిణామం వల్లనే.

ఇక్కడ నాట్యశాస్త్రం చేసిన విభజన ఉపకరిస్తుంది. కరుణం నిరపేక్షం, విప్రలంభం సాపేక్షం. పునస్సమాగమంపై ఆశ మిగిలితే అది విరహం. ఆశ లేనిచోట శోకం. 'తిరిగి రా' అన్న పిలుపుతో ముగిసే కవిత తెలియకుండానే విరహగీతం వైపు జారిపోతుంది. శ్రీశ్రీ కోరేది తిరిగి రమ్మని కాదు, బతికున్నవారిలో ప్రవేశించమని. అందువల్ల శోకం చెక్కుచెదరకుండానే గీతం ముందుకు నడుస్తుంది.

ఒక విద్యార్థి నేతకారుడైన తాతపై ఇరవై నాలుగు పంక్తులు రాయదలిచాడనుకుందాం. 'తాత' అన్నది వస్తువుగా మరీ విశాలం. ఆ స్థానంలో 'నాన్న' అని ఉంచినా కవిత మారకపోతే వస్తువు ఇంకా దొరకలేదన్నమాట. గుంటమగ్గంపై సగం నేసి ఆగిపోయిన చీర అయితే ఆ మనిషికే చెందుతుంది. తొలి పది పంక్తులు మగ్గంతో మాట్లాడవచ్చు: నాడె ఎక్కడ ఆగింది, పడుగులో ఎంత మిగిలింది. పదకొండో పంక్తిలో 'తాతా' అన్న పిలుపు మొదటిసారి వినబడాలి. అంతవరకు అణచిపెట్టిన దుఃఖం అక్కడ బయటపడుతుంది. ఆ పిలుపు మొదటి పంక్తిలోనే వస్తే తరువాతి పంక్తులకు చేరవలసిన చోటు మిగలదు. చివరి నాలుగు పంక్తులలో మనుమడు ఆ చీరను పూర్తి చేయనక్కరలేదు. తెగిన పోగును ముడివేయడం నేర్పమని అడిగితే చాలు. చీరంతా నేసి ముగిస్తే అది నమ్మశక్యంగా ఉండదు.

ఇదే వస్తువుపై స్తుతిగీతం రాస్తే క్రమం వేరు. మగ్గం నడుస్తూనే ఉంటుంది, సంబోధన మొదటి పంక్తిలోనే రావచ్చు. అక్కడ నిలబెట్టవలసినది శోకం కాదు, విస్మయం. అది సడలకుండా ఉండడానికి ప్రతి చరణంలో మగ్గం కొత్త పని ఏదో ఒకటి చేస్తూ కనిపించాలి.