పానీయాలను చిక్కపరచడం (మింగుడు ఇబ్బంది)

పానీయాలను చిక్కపరచడం అనగా మింగడంలో ఇబ్బంది ఉన్న వ్యక్తికి ఇచ్చే నీరు, పాలు, మందు ద్రవాలు మొదలైన వాటిలో ఒక పొడిని గానీ జిగురును గానీ కలిపి, అవి గొంతులో నెమ్మదిగా జారేటట్లు చేయడం. మింగుడు ఇబ్బందిని వైద్యశాస్త్రంలో డిస్ఫేజియా అంటారు. పక్షవాతం, పార్కిన్సన్ వ్యాధి, మతిమరుపు వ్యాధులు, తల లేదా గొంతు క్యాన్సరు చికిత్సల తరువాత ఇది ఎక్కువగా కనబడుతుంది. ఇటువంటివారికి భోజనం కన్నా మాత్రలు, మందు ద్రవాలు ఇవ్వడంలోనే తరచు చిక్కు వస్తుంది. ఎందుకంటే మందు కలపడం వలన పానీయం చిక్కదనం మారిపోవచ్చును, చిక్కదనం వలన మందు పనితీరు కూడా మారవచ్చును.

చిక్కదనం ఎందుకు

మింగే క్షణంలో స్వరపేటిక పైకి లేచి, శ్వాసనాళపు ద్వారం మూసుకుంటుంది. ఇదంతా ఒక సెకను లోపే జరుగుతుంది. పక్షవాతం వచ్చిన వ్యక్తిలో ఈ మూత పడడం ఆలస్యమైతే, నీటి వంటి పలుచని ద్రవం అంతకు ముందే గొంతులోకి జారి ఊపిరితిత్తుల వైపు పోతుంది. ద్రవాన్ని చిక్కబరిస్తే అది నెమ్మదిగా కదులుతుంది కాబట్టి ద్వారం మూసుకోవడానికి వ్యవధి దొరుకుతుంది.

అయితే చిక్కదనం ఎంత ఎక్కువైతే అంత మేలు అనుకోరాదు. మరీ చిక్కని పదార్థాన్ని నెట్టడానికి గొంతు కండరాలకు బలం కావాలి. ఆ బలం లేనివారిలో కొంత పదార్థం గొంతులోనే మిగిలి, తరువాత శ్వాసతో పాటు లోపలికి పోతుంది. అందుచేత ఏ రోగికి ఎంత చిక్కదనం కావాలో స్పీచ్ థెరపిస్టు పరీక్షించి నిర్ణయిస్తారు. అవసరమైనప్పుడు బేరియం కలిపిన ద్రవాన్ని మింగించి ఎక్స్-రే చలనచిత్రం తీస్తారు, లేదా ముక్కు ద్వారా సన్నని ఎండోస్కోపు గొట్టం పంపి చూస్తారు. కొందరిలో ద్రవం ఊపిరితిత్తుల వైపు పోయినా దగ్గు రాదు. కనుక దగ్గు లేదు కాబట్టి ప్రమాదం లేదని ఇంట్లోనే నిర్ణయించడానికి వీలు లేదు.

చిక్కదనం కొలత

2013లో ఏర్పడిన ఇడ్సీ (అంతర్జాతీయ డిస్ఫేజియా ఆహార ప్రమాణీకరణ సంస్థ) పానీయాలను 0 నుండి 4 వరకు ఐదు స్థాయిలుగా విభజించింది. మామూలు నీరు 0వ స్థాయి. చెంచాను వంచితే ముద్దగా జారిపడే పదార్థం 4వ స్థాయి. మధ్య స్థాయిలను ఇంట్లో కూడా ఒక సిరంజితో కొలవవచ్చును.

సూది లేని 10 మిల్లీలీటర్ల సిరంజిలోని తోపుడు కడ్డీని తీసివేసి, కొనను వేలితో మూసి, 10 గుర్తు వరకు పానీయం పోయాలి. వేలు తీసి సరిగ్గా 10 సెకన్లు కారనిచ్చి మళ్ళీ మూయాలి. మిగిలినది 1 మి.లీ. కన్నా తక్కువైతే 0వ స్థాయి, 1 నుండి 4 మి.లీ. అయితే 1వ స్థాయి, 4 నుండి 8 అయితే 2వ స్థాయి, 8 కన్నా ఎక్కువైతే 3వ స్థాయి అవుతుంది. ఏమీ కారకపోతే అది 4వ స్థాయి కావచ్చును. దానిని చెంచాతో పరీక్షించాలి. ఈ పరీక్షకు వాడే సిరంజిపై 0 నుండి 10 వరకు గల గీతల పొడవు 61.5 మిల్లీమీటర్లు ఉండాలి. అన్ని కంపెనీల సిరంజిలు ఒకే కొలతలో ఉండవు కనుక ముందుగా స్కేలుతో కొలిచి చూసుకోవాలి.

చిక్కపరచే పదార్థాలు

మందుల దుకాణాలలో దొరికే చిక్కపరచే పొడులు ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది మొక్కజొన్న వంటి వాటి పిండిపదార్థం (స్టార్చి) నుండి తయారైనది. రెండవది క్సాంథన్ జిగురుతో తయారైనది. ఏది ఏ రకమో డబ్బాపై ముద్రించిన పదార్థాల పట్టికలో ఉంటుంది.

స్టార్చి రేణువులు నీటిని పీల్చి ఉబ్బడం వలన పానీయం చిక్కబడుతుంది. అయితే లాలాజలంలోని ఎమైలేజు అనే ఎంజైము స్టార్చిని విడగొడుతుంది. నోట్లో పెట్టిన చెంచానే మళ్ళీ గ్లాసులో ముంచుతూ ఉంటే, కొంతసేపటికి గ్లాసులోని పానీయం పలుచబడుతుంది. క్సాంథన్ జిగురుపై ఎమైలేజు పని చేయదు.

తెలుగువారి ఇళ్ళలో వాడే గంజి, రాగి జావ, సగ్గుబియ్యం జావ కూడా స్టార్చి వలన చిక్కబడేవే. ఇవి వేడిగా ఉన్నప్పుడు పలుచగా, చల్లారే కొద్దీ చిక్కగా మారుతాయి. నిన్నటి చిక్కదనమే ఈ రోజు కూడా వస్తుందన్న నమ్మకం లేదు. అందుచేత వీటిని ఇచ్చేటప్పుడు, ఇచ్చే వేడిలోనే సిరంజి పరీక్ష చేయాలి. జావలో పలుకులు ఉంటే సిరంజి కొనకు అడ్డుపడి కొలత తప్పు వస్తుంది కనుక ముందు వడగట్టాలి. పలుచని మజ్జిగ, కొబ్బరి నీరు చిక్కని పానీయాల కిందకు రావు. ఐస్ క్రీము నోట్లో కరిగి నీరవుతుంది.

ఇసబ్‌గోల్ (ఇస్పగుల పొట్టు) నీటిలో వేస్తే చిక్కబడుతుంది గనుక దానిని ఇందుకు వాడవచ్చునని కొందరు భావిస్తారు. ఇది ప్రమాదకరం. ఆ పొట్టు గొంతులోనో అన్నవాహికలోనో ఉబ్బి అడ్డుపడగలదు. మింగుడు ఇబ్బంది ఉన్నవారు దానిని వాడరాదన్న హెచ్చరిక ఉన్నది. చిక్కపరచే పొడులకు కూడా ఇదే తరహా ప్రమాదం ఉంది. పొడిని పొడిగానే నోట్లో వేసుకుంటే గొంతు మూసుకుపోవచ్చును. 2015లో ఇంగ్లండు ఆరోగ్య సేవల సంస్థ ఈ విషయమై హెచ్చరిక జారీ చేసింది. డబ్బాను రోగి చేతికి అందని చోట ఉంచడం మంచిది.

ఒక ఉదాహరణ

హైదరాబాదు తూర్పు భాగంలోని చైతన్యపురిలో నివసించే ఒక పెద్దాయనకు పక్షవాతం వచ్చి, ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చారనుకుందాం. స్పీచ్ థెరపిస్టు ఆయనకు 2వ స్థాయి పానీయాలు సూచించారు. ఇంట్లో ఉన్నది స్టార్చి రకం పొడి. ఆయన వాడవలసినవి మూడు మందులు: మధుమేహానికి నెమ్మదిగా విడుదలయ్యే మెట్‌ఫార్మిన్ మాత్ర, దగ్గు సిరపు, మలబద్ధకానికి మాక్రోగోల్ పొడి.

మెట్‌ఫార్మిన్ మాత్రను నలిపి జావలో కలపాలన్న ఆలోచన సహజంగా వస్తుంది. కానీ నెమ్మదిగా విడుదలయ్యే మాత్రను నలిపితే, రోజంతా విడుదల కావలసిన మోతాదు ఒక్కసారిగా శరీరంలోకి చేరుతుంది. మాత్రల అట్టపై మందు పేరు చివర ఎస్.ఆర్., ఇ.ఆర్., ఎక్స్.ఎల్., సి.ఆర్. వంటి అక్షరాలు ఉంటే వాటిని నలపకూడదు. పేగులో మాత్రమే కరిగే పూత గల పాంటాప్రజోల్ వంటి మాత్రలకు కూడా ఇదే వర్తిస్తుంది. నలిపితే ఆ పూత పోయి, మందు కడుపులోని ఆమ్లంలో చెడిపోతుంది. ఇక్కడ చేయవలసినది డాక్టరును అడిగి మామూలు మెట్‌ఫార్మిన్‌కు గానీ ద్రవ రూపానికి గానీ మారడం. అప్పుడు మోతాదు వేళలు మారుతాయి కనుక ఆ మార్పు ఇంట్లో చేసుకునేది కాదు. నలపకుండా ఇవ్వదగిన చిన్న మాత్రను, థెరపిస్టు అనుమతిస్తే, మెత్తగా చిదిమిన అరటిపండు వంటి నున్నని పదార్థంతో చెంచాలో పెట్టి ఇవ్వవచ్చును. ఆ తరువాత గొంతు తడపడానికి మామూలు నీరు ఇస్తే చేసిన జాగ్రత్త అంతా వృథా అవుతుంది.

రెండవది దగ్గు సిరపు. సీసాలో చిక్కగా కనబడినా సిరపులు సిరంజి పరీక్షలో 2వ స్థాయికి రాకపోవచ్చును. 5 మి.లీ. సిరపును గ్లాసెడు చిక్కని నీటిలో కలిపితే, ఆయన సగం తాగి ఆపేసినప్పుడు సగం మందే అందుతుంది. కొద్దిపాటి చిక్కని నీటిలో కలిపి, రెండు మూడు చెంచాలలో పూర్తి మోతాదు ముగిసేటట్లు చూడాలి. ముందుగా ఒకసారి ఎక్కువ పరిమాణంలో కలిపి సిరంజితో కొలిచి, ఆ పాళ్ళను రాసి పెట్టుకుంటే ప్రతిసారీ కొలవనక్కరలేదు.

అన్నిటికన్నా మోసకరమైనది మూడవది. మాక్రోగోల్ (పాలీ ఇథిలీన్ గ్లైకాల్) నీటిలో కరిగే విరేచనకారి పొడి. దానిని స్టార్చితో చిక్కబరచిన నీటిలో కలిపితే పానీయం తిరిగి పలుచబడుతుంది. ఉదాహరణకు, పొడి కలపక ముందు సిరంజిలో 6 మి.లీ. మిగిలిన పానీయం, కలిపిన తరువాత మొత్తం కారిపోవచ్చును. అంటే 2వ స్థాయి పానీయం ఇస్తున్నామనుకుంటూ, నిజానికి నీరు తాగిస్తున్నట్లు. బ్రిటన్‌లోని మందుల నియంత్రణ సంస్థ 2021 ఏప్రిల్‌లో ఈ రెండింటినీ కలపరాదని హెచ్చరించింది. పలుచబడింది కదా అని మరికొంత స్టార్చి పొడి వేయడం పరిష్కారం కాదు. డాక్టరుతో మాట్లాడి విరేచనకారిని మార్చుకోవాలి, లేదా క్సాంథన్ రకం పొడికి మారి, మందు కలిపిన తరువాత చిక్కదనాన్ని మళ్ళీ కొలవాలి.

మందు పనితీరుపై ప్రభావం

చిక్కని పానీయంలో ఉన్న మందు కడుపులో విడివడడానికి ఎక్కువ సమయం పట్టవచ్చును. ప్రయోగశాలలో నలిపిన మాత్రలపై జరిపిన పరీక్షలలో, చిక్కదనం పెరిగిన కొద్దీ మందు విడుదల ఆలస్యమైనట్లు తేలింది. కనుక మందు కోసం సూచించిన స్థాయికి మించి చిక్కబరచకూడదు. కొద్ది తేడాతోనే ప్రభావం మారే వార్‌ఫరిన్, మూర్ఛ మందుల వంటివి వాడేవారు, మందు ఇచ్చే పద్ధతి మారినప్పుడు ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి.

పరిమితులు, గమనించవలసిన లక్షణాలు

చిక్కని పానీయాలు రుచించక చాలామంది తక్కువగా తాగుతారు. దానివలన శరీరంలో నీరు తగ్గుతుంది. మూత్రం ముదురు రంగులో, తక్కువగా రావడం, నాలుక ఎండిపోవడం దీనికి గుర్తులు. 2008లో అమెరికాలో పార్కిన్సన్, మతిమరుపు వ్యాధులున్న 515 మందిపై ప్రచురించిన అధ్యయనంలో, గడ్డం వంచి మామూలు ద్రవాలు తాగినవారికీ, చిక్కని పానీయాలు తాగినవారికీ మధ్య న్యుమోనియా విషయంలో స్పష్టమైన తేడా కనబడలేదు. అందువలన చిక్కదనం అందరికీ ఎల్లకాలం వాడే ఏర్పాటు కాదు. పక్షవాతం తరువాత మింగే శక్తి తిరిగి రావచ్చును కనుక మళ్ళీ పరీక్ష చేయించాలి.

మందు ఇచ్చేటప్పుడు రోగి నిటారుగా కూర్చుని, పూర్తి మెలకువతో ఉండాలి. మింగిన తరువాత ఒక మాట పలికించి చూడాలి. గొంతు తడిగా, గరగరమని వినబడితే పదార్థం గొంతులో మిగిలిందని అర్థం. అప్పుడు తరువాతి చెంచా ఆపాలి. మింగిన పిమ్మట ఆయాసం, ఆ తరువాత గంటల్లో గానీ రోజుల్లో గానీ జ్వరం వస్తే ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

హైదరాబాదులో

మింగుడు పరీక్షలు పెద్ద ఆసుపత్రులలోని చెవి-ముక్కు-గొంతు, నరాల విభాగాలతో కలిసి పనిచేసే స్పీచ్ థెరపిస్టులు చేస్తారు. సికింద్రాబాదు మనోవికాస్‌నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ యొక్క ప్రాంతీయ కేంద్రం ఉంది. వినికిడి, వాక్కు రంగాలలో చికిత్సకులకు అక్కడ శిక్షణ ఇస్తారు. పరీక్షకు వెళ్ళేటప్పుడు వాడుతున్న మందుల అట్టలు, సిరపు సీసాలు, చిక్కపరచే పొడి డబ్బా వెంట తీసుకువెళితే, ఏ మందు దేనితో కలపవచ్చునో అక్కడికక్కడే తేల్చుకోవడానికి వీలవుతుంది.