అక్షం కిందికి దిగితే మైనస్ ఎందుకొస్తుంది?

ఏ స్థలానికీ మైనస్ వైశాల్యం ఉండదు. కానీ ఇంటర్ రెండో సంవత్సరంలో నిశ్చిత సమాకలనులు మొదలుపెట్టిన విద్యార్థికి తొందరలోనే ఒక చిక్కు ఎదురవుతుంది. సమాకలని అంటే వక్రానికీ x-అక్షానికీ మధ్య ఉన్న వైశాల్యం అని నేర్చుకుంటాడు. తీరా లెక్క చేస్తే జవాబు −4/3 అని వస్తుంది. తప్పు చేశానేమోనని మళ్లీ మొదటి నుంచి చేస్తాడు. అదే జవాబు వస్తుంది. లెక్కలో తప్పు లేదు, నేర్చుకున్న నిర్వచనమే సగం.

సమాకలని నిజానికి ఒక కూడిక. ∫ గుర్తును 1675లో లైబ్నిజ్ వాడటం మొదలుపెట్టాడు. 'మొత్తం' అనే అర్థమున్న లాటిన్ మాటలోని S అక్షరాన్నే నిలువుగా సాగదీసి ఆ గుర్తు చేశాడు. మరి ఇక్కడ మనం వేటిని కూడుతున్నాం?

y = x² − 2x అనే వక్రాన్ని తీసుకుందాం. ఇది x = 0 దగ్గర, x = 2 దగ్గర అక్షాన్ని తాకుతుంది. ఆ రెంటి మధ్యా అక్షానికి కిందే ఉంటుంది. 0 నుంచి 2 వరకు ఉన్న దూరాన్ని 0.5 వెడల్పు గల నాలుగు నిలువు పట్టీలుగా కోద్దాం. ఒక్కో పట్టీ మధ్యలో y విలువ ఎంతో చూస్తే వరసగా −0.4375, −0.9375, −0.9375, −0.4375 వస్తాయి. ఒక్కోదాన్ని 0.5తో గుణించి కూడితే −1.375 అవుతుంది. పట్టీలను ఇంకా సన్నగా కోసుకుంటూ పోతే ఈ మొత్తం −4/3కు, అంటే దాదాపు −1.333కు చేరువవుతుంది. x³/3 − x²లో 2, 0 ప్రతిక్షేపించి తీసివేసినా 8/3 − 4 = −4/3 వస్తుంది.

మైనస్ ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు తెలుస్తోంది. పట్టీ వెడల్పు 0.5 ధనాత్మకమే. రుణాత్మకమైంది y విలువ. మనం పట్టీ ఎత్తును స్కేలుతో కొలవలేదు, ప్రమేయం ఇచ్చిన విలువను గుర్తుతో సహా తీసుకున్నాం. అక్షం కింద ఆ విలువ మైనస్, దాన్ని ప్లస్‌తో గుణిస్తే వచ్చేదీ మైనసే.

ఈ గుర్తును ఎందుకు ఉంచుకోవాలి? ఒక నీళ్ల ట్యాంకును ఊహించుకోండి. x గంటలయ్యేసరికి ట్యాంకులోకి నీళ్లు గంటకు x² − 2x వేల లీటర్ల వేగంతో వస్తున్నాయనుకుందాం. వేగం మైనస్ అయితే నీళ్లు బయటికి పోతున్నట్టు. మొదటి రెండు గంటల్లో 4/3 వేల లీటర్లు పోతాయి. మూడో గంటలో వక్రం అక్షం పైకి వస్తుంది, సరిగ్గా 4/3 వేల లీటర్లు తిరిగి చేరతాయి. 0 నుంచి 3 వరకు సమాకలని సున్నా. ట్యాంకులో నీటిమట్టం మొదట ఎక్కడుందో అక్కడికే వచ్చింది కాబట్టి ఆ సున్నా నిజమే చెబుతోంది. మైనస్‌ను తీసేసి ఉంటే ట్యాంకులో నీళ్లు పెరిగాయని తప్పుడు జవాబు వచ్చేది.

కానీ ప్రశ్న వైశాల్యం గురించే అయితే ఆ సున్నా పనికిరాదు. బొమ్మలో అక్షం కింద 4/3, పైన 4/3, మొత్తం 8/3 చదరపు యూనిట్ల స్థలం కళ్లెదుటే ఉంది. విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే: లెక్కంతా చేసేసి, చివర్లో జవాబు ముందున్న మైనస్‌ను కొట్టేస్తారు. వక్రం మొత్తం అక్షం కిందే ఉంటే ఆ పద్ధతి సరిపోతుంది. మధ్యలో అక్షాన్ని దాటితే సరిపోదు. పైభాగం, కిందిభాగం అప్పటికే ఒకదాన్నొకటి కొట్టేసుకుని ఉంటాయి, సున్నాకు గుర్తు తీసేసినా అది సున్నాయే.

ఇంకొక్క మాట. అక్షం కింద ఉంటే మైనస్ అన్న సూత్రం ఎడమ నుంచి కుడికి వెళ్లినప్పుడే చెల్లుతుంది. అదే వక్రాన్ని 2 నుంచి 0కు, అంటే వెనక్కి సమాకలనం చేస్తే పట్టీ వెడల్పు కూడా మైనస్ అవుతుంది. మైనస్‌ను మైనస్‌తో గుణించినట్టయి జవాబు +4/3 వస్తుంది.

కాబట్టి ప్రశ్నలో సమాకలని విలువ అడిగారా, వైశాల్యం అడిగారా అన్నది ముందే చూసుకోండి. విలువ అడిగితే మైనస్‌ను అలాగే ఉంచండి. వైశాల్యం అడిగితే y = 0 అని రాసి వక్రం అక్షాన్ని దాటే బిందువులు కనుక్కోండి, అక్కడ విడగొట్టి ఒక్కో ముక్కను విడిగా లెక్కించండి, మైనస్ వచ్చిన ముక్కల గుర్తు మార్చి, ఆ తర్వాతే కూడండి. వైశాల్యానికి జవాబు మైనస్ వచ్చినా, బొమ్మలో స్థలం కనిపిస్తుండగా సున్నా వచ్చినా, విడగొట్టడమో గుర్తు మార్చడమో మరిచిపోయారన్నమాట.