బిరుదు – పదవి – వారసత్వం

అద్భుత కాల్పనిక నవలలలోని రాజాస్థానాలలో డ్యూకు, బేరన్, రీజెంట్ అనే పేర్లు తరచుగా కనిపిస్తాయి. ఆంగ్ల ప్రభువర్గంలో డ్యూకుది అత్యున్నత స్థానం; బేరన్‌ది చివరి మెట్టు. రీజెంట్ బిరుదు కాదు, పదవి. బాలుడైన రాజు పేరిట పాలించే ప్రతినిధియే రీజెంట్. అంతవరకు డ్యూకులు సైతం అతని ఆజ్ఞకు బద్ధులే. రాజుకు యుక్తవయస్సు రాగానే ఆ అధికారం ముగుస్తుంది.

కుట్రకు బీజం ఇక్కడే ఉంది. 1483 ఏప్రిల్‌లో ఇంగ్లండు రాజు నాలుగవ ఎడ్వర్డు మరణించాడు. 12 ఏండ్ల కుమారుడు ఐదవ ఎడ్వర్డు రాజయ్యాడు. పినతండ్రియైన గ్లాస్టర్ డ్యూకు రిచర్డు, రీజెంట్ వంటి రాజ్యసంరక్షక పదవిని పొందాడు. ఎంతటి డ్యూకైనా వారసత్వ క్రమంలో అతడు అన్నకుమారుల తరువాతివాడే. అయితే అన్న వివాహం చెల్లదనీ, ఆ పిల్లలకు సింహాసనార్హత లేదనీ జూన్‌లో ప్రకటన వెలువడింది. జూలై 6న రిచర్డుకే పట్టాభిషేకం జరిగింది. కాల్పనిక గాథలలోని కుట్రదారులు సైతం వారసుని బిరుదును కాక, జన్మనే ప్రశ్నించడానికి కారణమిదే.