హారతి పక్కన ప్రకటన

కార్తీక పురాణం చెప్పే ఛానల్‌కు రుద్రాక్షల వ్యాపారి డబ్బిస్తానని వచ్చాడనుకుందాం. మాల ధర, దొరికే చోటు చెప్పమంటే ఒప్పుకోవచ్చు. కానీ ప్రకటన అన్న మాట అక్కడే, తెలుగులో, నోటితో చెప్పాలి. యూట్యూబ్‌లో 'పెయిడ్ ప్రమోషన్' గడిలో టిక్ పెడితే వీడియో మొదట్లో కాసేపే కనబడుతుంది. కళ్లు మూసుకుని వినే అమ్మమ్మకు అదీ తెలియదు. మాల ఊరికే ఇచ్చినా చెప్పాల్సిందే.

"ఇది వేసుకుంటే షుగర్ తగ్గుతుందనండి" అంటే మాత్రం ఒప్పుకోకూడదు. మంత్రం, తాయెత్తు, కవచం మధుమేహాన్ని నయం చేస్తాయని ప్రకటించడాన్ని 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది. ఆ మాట నమ్మి ఎవరైనా మందులు మానేస్తే ప్రాణానికే ముప్పు. భక్తుల భయాన్ని అమ్ముకునే ఏ బేరాన్నయినా, ఎంత ఇస్తామన్నా, తిప్పి పంపండి.